250కి కొని 240 స్టాప్, 270 టార్గెట్ పెడితే 45 శాతం గెలుపు సరిపోతుందా?

కృష్ణలంక_వాసి (విజయవాడ)

అందరికీ నమస్కారం. రూపాయల్లోనే కొనగలిగే ఒక కాయిన్ ఇప్పుడు 250 దగ్గర ఉంది. కొన్నాళ్లుగా 241, 242 వరకు దిగి మళ్లీ లేస్తోంది. పైన 270 దగ్గర పాత గరిష్ఠం ఉంది. అందుకని 250కి కొని 240 దగ్గర స్టాప్‌లాస్, 270 దగ్గర టార్గెట్ పెడదామనుకుంటున్నాను. 50,000తో మొదలుపెట్టిన ఖాతా ఇది. ఏ ట్రేడులోనూ 500 రూపాయలకు మించి పోకూడదన్నది నా నియమం. 10 రూపాయల దూరం కాబట్టి 50 కాయిన్లు, అంటే 12,500 పెట్టుబడి.

పది పోతుంది లేదా ఇరవై వస్తుంది కాబట్టి నిష్పత్తి 1:2. ఏప్రిల్ నుంచి దాదాపు ఇవే కొలతలతో వేసిన 40 ట్రేడులు నోటుపుస్తకంలో ఉన్నాయి. 18 టార్గెట్‌ను తాకాయి, 22 స్టాప్‌కు పోయాయి. 18 వేలు వచ్చి 11 వేలు పోయాయి కాబట్టి ఖాతాలో 57,000 ఉండాలి. తెరిచి చూస్తే 48,500 దరిదాపుల్లో ఉంది. మధ్యలో డబ్బు తీయలేదు. కొత్త ట్రేడు వేసేలోపు ఈ తేడా ఎక్కడిదో తెలుసుకోవాలి.

బ్రాడీపేట_4వ_లైను (గుంటూరు)

మీ పద్ధతిలో తప్పేమీ లేదండి. 1:2 నిష్పత్తికి బ్రేక్‌ఈవెన్ గెలుపు రేటు 33.3 శాతం. మూడు ట్రేడుల్లో ఒకటి గెలిచినా అసలు నిలబడుతుంది. మీది 45, అంటే చాలా పైన ఉన్నారు. ఖాతాలో తేడా ఉందంటే ఏదో ట్రేడు రాయడం మరిచిపోయి ఉంటారు. ఈ ట్రేడు నిశ్చింతగా వేయండి. నేనైతే ఇంకో అడుగు ముందుకు వేసి 1:5 ఉన్నవే తీసుకుంటాను. అక్కడ 17 శాతం గెలిస్తే చాలు.

పటమట_పద్దులు (విజయవాడ)

నాలుగో లైను గారూ, ఆ 33.3 శాతం ఖర్చులే లేని చోట నిజం. ఆయన ఉన్నది అలాంటి చోట కాదు.

కృష్ణలంక గారూ, మూడు విషయాలు చెప్పండి. మీ ఎక్స్ఛేంజీ కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఎంత రుసుము తీసుకుంటోంది? స్టాప్ తాకినప్పుడు అమ్మకం సరిగ్గా 240కే జరుగుతోందా, ఇంకా కిందనా? ఇక మీరు చెబుతున్న 240, 270 రూపాయల చార్టులోవా, డాలరు చార్టు చూసి మార్చుకున్నవా? మన దగ్గర యూఎస్‌డీటీ రూపాయి ధర ఒకచోట నిలవదు. డాలరు చార్టులో గీసిన గీత రూపాయల్లో అటూ ఇటూ జరుగుతుంది.

కృష్ణలంక_వాసి

గీతలు రూపాయల చార్టులోవే. రుసుము కొన్నప్పుడు 0.2 శాతం, అమ్మినప్పుడు 0.2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ. స్టాప్ సంగతి మీరు అడిగాక పాత అమ్మకాలు తిరగేశాను. ఈ కాయిన్‌కు కొనేవాళ్లు పలచగా ఉంటారు కాబట్టి ఒక రూపాయి కిందనే తెగుతోంది. 240 అనుకుంటే 239 వస్తోంది. టార్గెట్ మాత్రం లిమిట్ ఆర్డరు కాబట్టి అనుకున్న ధరకే పోతోంది.

పటమట_పద్దులు

ఇక మీ ట్రేడునే లెక్కిద్దాం. జీఎస్టీ కలిపితే రుసుము ఒక్కో వైపు 0.236 శాతం.

12,500 పెట్టి కొన్నప్పుడు 29.50 పోతుంది. 270కి అమ్మితే చేతికొచ్చే 13,500 మీద 31.86 పోతుంది. అంటే గెలిచినప్పుడు మీకు వచ్చేది 1,000 కాదు, 938.64. ఓడినప్పుడు 239కి అమ్ముతున్నారు కాబట్టి ధరలోనే 550 పోతుంది. దానికి రెండు వైపుల రుసుము 57.70 కలుస్తుంది. మొత్తం నష్టం 607.70. మీరు 500 అనుకుంటున్న రిస్క్ అసలు 600 పైనే ఉంది.

సెల్ B1లో గెలిస్తే మిగిలేది, B2లో ఓడితే పోయేది రాసి, మూడో సెల్‌లో ఇది పెట్టండి:

```
=B2/(B1+B2)
```

39.3 శాతం వస్తుంది. నిష్పత్తి 1:2 నుంచి 1:1.54కు జారింది. రెండు వైపులా ఖర్చు ఉన్నా ఎక్కువ దెబ్బ ఓటమి వైపే పడుతోంది, ఎందుకంటే చిన్న సంఖ్య మీద వంద రూపాయలు కలిస్తే నిష్పత్తి బాగా కదులుతుంది. స్టాప్ దగ్గరగా పెట్టేకొద్దీ ఈ దెబ్బ పెద్దదవుతుంది.

మిర్చి_టిక్కీ (గుంటూరు)

ఇది మా యార్డు లెక్కేనండి. క్వింటాలుకు ఫలానా ధర పలికిందని రైతు సంబరపడతాడు. కమీషను, హమాలీ, కోల్డ్ స్టోరేజీ అద్దె, సరుకు ఆరిపోయి తగ్గిన తూకం తీసేశాకే ఆ ధర అసలు ధర.

నాదొక సందేహం. మా అబ్బాయి ఫ్యూచర్స్‌లో 25 రెట్లు పెట్టి కొంటున్నాడు. 500 పెడితే 12,500 సరుకు వస్తుంది కదా, అందుకని రివార్డు 25 రెట్లు అంటున్నాడు. అది నిజమైతే వాడికి ఈ బ్రేక్‌ఈవెన్ దాదాపు సున్నాకు రావాలి కదా?

పటమట_పద్దులు

రాదండి. లాభం 25 రెట్లయితే నష్టమూ 25 రెట్లే అవుతుంది, నిష్పత్తి అక్కడే ఉంటుంది. రుసుము కూడా 500 మీద కాదు, 12,500 మీద పడుతుంది.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. 25 రెట్లు అంటే ధర 4 శాతం ఎదురు తిరిగితే పెట్టిన సొమ్ము మొత్తం పోతుంది. 250లో 4 శాతం సరిగ్గా 10 రూపాయలు. ఎక్స్ఛేంజీ కొంత నిర్వహణ మార్జిన్ అట్టిపెట్టుకుంటుంది కాబట్టి 240 దాకా ఆగదు, అంతకు ముందే పొజిషన్‌ను మూసేస్తుంది. అంటే అబ్బాయి పెట్టిన స్టాప్ పేరుకే ఉంది. 241 వరకు దిగి తిరిగి లేచే కాయిన్‌లో అతను బయటపడిపోతాడు, కృష్ణలంక గారు లోపలే ఉంటారు. ఆ లెక్కలో ధర దూరం మార్చి రాసుకోమని చెప్పండి.

బ్రాడీపేట_4వ_లైను

సరే, రుసుము సంగతి ఒప్పుకుంటాను. కానీ 39.3 కన్నా 45 పైనే కదా. మరి ఖాతాలో డబ్బు ఎందుకు తగ్గింది? టీడీఎస్ ఒకటి మరిచిపోయారు. అమ్మిన ప్రతిసారీ 1 శాతం కోస్తున్నారు. దాన్నీ ఖర్చుగా కలపాలి.

పటమట_పద్దులు

టీడీఎస్ విషయం మీరు సరైన సమయానికే ఎత్తారు, కానీ దాన్ని ఖర్చుగా కలిపితే లెక్క తప్పుతుంది. 2022 జూలై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం మినహాయిస్తున్నారు. అది మన పేరున ముందుగా కట్టిన పన్ను. రిటర్ను వేసినప్పుడు అసలు పన్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే వెనక్కి వస్తుంది. ఖర్చు కింద రాయాల్సింది అసలు పన్నును.

2022 ఏప్రిల్ 1 నుంచి ఈ కాయిన్ల లాభం మీద నేరుగా 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు ఉంది. కలిపితే 31.2 శాతం. దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఒక ట్రేడులో పోయిన డబ్బును మరో ట్రేడు లాభంలోంచి తీసేయనివ్వరు. వచ్చే ఏడాదికీ తీసుకెళ్లనివ్వరు. కొన్న ధర తప్ప వేరే ఖర్చేదీ మినహాయించనివ్వరు. షేర్ల ట్రేడింగుకు అలవాటుపడినవాళ్లు ఏడాది చివర నికర లాభం మీదే పన్ను అనుకుంటారు. ఇక్కడ గెలిచిన ప్రతి ట్రేడూ విడిగా పన్ను కడుతుంది, ఓడినవి ఒంటరిగా పోతాయి. బ్రేక్‌ఈవెన్ లెక్కలో పన్నును ఒక్కో ట్రేడుకూ కలపాల్సింది అందుకే.

కాబట్టి గెలుపులో 1,000 మీద 312 పోతుంది. 938.64లోంచి తీస్తే 626.64 మిగులుతుంది. ఓటమి 607.70 అలాగే ఉంటుంది. బ్రేక్‌ఈవెన్ 49.2 శాతం. మీరు 1:2 అనుకున్న ట్రేడు చేతికొచ్చేసరికి దాదాపు 1:1.

ఇక మీ 48,500 సంగతి. 18 గెలుపులకు 938.64 చొప్పున 16,895 వచ్చింది. 22 ఓటములకు 607.70 చొప్పున 13,369 పోయింది. మిగిలింది 3,526. టీడీఎస్ గెలిచినప్పుడు 135, ఓడినప్పుడు 119.50. అన్నీ కలిపితే 5,059. 50,000కు 3,526 కలిపి 5,059 తీసేయండి. 48,467 వస్తుంది. మీరు ఏ ట్రేడునూ రాయడం మరవలేదు.

రిటర్ను వేసేటప్పుడు మీ పన్ను 18 సార్లు 312, అంటే 5,616 అవుతుంది. ఇప్పటికే 5,059 కట్టేశారు కాబట్టి ఇంకా 557 కట్టాలి. మొత్తమ్మీద 2,090 రూపాయల నష్టం. 3,526 సంపాదించి 5,616 పన్ను కట్టారు.

కృష్ణలంక_వాసి

పది రూపాయలు కూడా తేడా లేకుండా దాదాపు సరిపోయింది. ఇప్పుడే చూశాను, ఖాతాలో 48,461 ఉంది. ఎక్స్ఛేంజీలో ఏదో తప్పుగా కోశారని ఇన్నాళ్లూ అనుమానపడ్డాను.

అరండల్‌పేట_డిగ్రీ (గుంటూరు)

నేను చదువుకుంటున్నాను, జీతం లేదు. నా ఆదాయం పన్ను పరిమితి లోపే ఉంటుంది కాబట్టి నాకు 39.3 శాతమే వర్తిస్తుంది కదా?

పటమట_పద్దులు

లేదు తమ్ముడూ. ఈ లాభానికి ప్రాథమిక మినహాయింపు పరిమితి పనిచేయదు. వేరే ఆదాయం ఒక్క రూపాయి లేకపోయినా గెలిచిన దాని మీద 30 శాతమే. నీకూ 49.2.

బ్రాడీపేట_4వ_లైను

పన్ను ఇంత తినేస్తుంటే నేను ముందే చెప్పిన మాటే సరైనది. 1:5 తీసుకోవాలి. పన్ను కలిపినా, రుసుము పక్కన పెడితే బ్రేక్‌ఈవెన్ 22.5 శాతమే వస్తోంది. ఆయనకు 45 ఉంది.

లబ్బీపేట_గణితం (విజయవాడ)

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, ఇక్కడ మాట్లాడక తప్పదు. ఆ 45 శాతం 270 టార్గెట్‌తో వచ్చిన సంఖ్య. టార్గెట్‌ను 300కు జరిపితే 45 అక్కడ ఉండదు. నిష్పత్తి, గెలుపు రేటు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

ధర ఎటు పోతుందో ఎవరికీ ఏమీ తెలియదనుకోండి, పైకీ కిందకీ సమానంగా ఊగుతోందనుకోండి. 10 కిందకు ముందు తాకుతుందా, 20 పైకి ముందు తాకుతుందా అంటే పైది ముందు తాకే అవకాశం మూడింట ఒకటి. 50 పైకి అయితే ఆరింట ఒకటి. ఇవి చూడండి: 33.3 శాతం, 16.7 శాతం. మీ పుస్తకపు బ్రేక్‌ఈవెన్‌లు సరిగ్గా ఇవే. అంటే ఏ నిష్పత్తి ఎంచుకున్నా, ఏ నేర్పూ లేనివాడు కూడా సరిగ్గా బ్రేక్‌ఈవెన్ దగ్గరే తేలతాడు. 1:5 తనంతట తాను ఏమీ ఇవ్వదు. ఆ పైన పడే పన్ను, రుసుములను మీ నేర్పు మోయాలి.

కృష్ణలంక గారి నేర్పు అంటే 33.3 రావాల్సిన చోట 45 రావడం. అది తక్కువేమీ కాదు. కానీ మోయాల్సిన బరువు 49.2 దాకా ఉంది.

ఇంకొక మాట. 40 ట్రేడుల్లో 45 శాతం అంటే అసలు రేటు 30 నుంచి 60 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ కొద్ది లెక్కతో 45కూ 49కూ తేడా తేల్చలేం. నేనైతే వంద ట్రేడులు దాటాక కూడా పది శాతం అటూ ఇటూ ఉంచుకునే చూస్తాను.

బ్రాడీపేట_4వ_లైను

మీరు చెప్పేది ఊగే ధరకు సరే. కాయిన్లు అలా ఊగవు, ఒకసారి లేస్తే లేస్తూనే పోతాయి. ఎత్తు వచ్చినప్పుడు 1:5 తాకడం నేను చూశాను.

లబ్బీపేట_గణితం

ఉండవచ్చు. అలా లేచే రోజులు మీ నోటుపుస్తకంలో ఆరింట ఒకటి కన్నా బాగా ఎక్కువగా, 22.5ను దాటేలా కనిపిస్తే మీ మాటే నిజం. ఎన్ని తాకాయో, ఎన్ని తాకలేదో రెండూ పెట్టండి, చూద్దాం.

కృష్ణలంక_వాసి

నాకు ఒక ఆలోచన వచ్చింది. 250కి ఇప్పుడే కొనకుండా 246 దగ్గర లిమిట్ ఆర్డరు పెడితే? స్టాప్, టార్గెట్ అవే. 6 పోతుంది లేదా 24 వస్తుంది, 1:4. పటమట గారి పద్ధతిలో వేశాను. 50 కాయిన్లకు ఓడితే 407.23, గెలిస్తే పన్ను పోగా 764.71. బ్రేక్‌ఈవెన్ 34.7 శాతం. నా 45 దాని కన్నా ఎంతో పైన ఉంది. ఆర్డరు పెట్టేయమంటారా?

లబ్బీపేట_గణితం

మీ అంకెలు సరైనవే. కానీ ఆ 45ను ఇక్కడికి తీసుకురాకండి. 250 నుంచి 240కి పోయే ప్రతి ట్రేడూ 246 మీదుగానే పోతుంది. అంటే ఓడాల్సినవన్నీ మీ ఆర్డరులో పడతాయి. గెలవాల్సిన వాటిలో మాత్రం కొన్ని 246కు దిగకుండా 250 నుంచే నేరుగా 270కి పోతాయి. అవి మీకు దొరకవు. ఓటములు మొత్తం మీవి, గెలుపులు కొన్నే మీవి.

పాత ట్రేడులనే తీసుకోండి. 22 ఓటములూ ఉంటాయి. వాటికి ఎదురుగా ఎన్ని గెలుపులు ఉంటే 34.7 శాతం దాటుతుంది? 12. మీ 18 గెలుపుల్లో కొన్న ధర నుంచి 4 రూపాయలు దిగి ఆ తరువాతే టార్గెట్‌కు పోయినవి కనీసం 12 ఉన్నాయా? చార్టులో చూడండి. ఈ ఆర్డరు పెట్టాలా వద్దా అన్నది ఆ ఒక్క అంకె చెబుతుంది.

పటమట_పద్దులు

చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ధర 246ను తాకడం వేరు, మీ ఆర్డరు అమలవడం వేరు. ఆ ధర దగ్గర మీకన్నా ముందు వరుసలో ఉన్నవాళ్లు ఉంటారు. 246 కన్నా కిందకు దిగినవాటినే లెక్కలోకి తీసుకోండి.

మిర్చి_టిక్కీ

పటమట గారూ, మా అబ్బాయికి మీ లెక్క చూపించాను. ఫ్యూచర్స్‌కు ఈ 30 శాతం వర్తించదు, అది వ్యాపార ఆదాయం అంటున్నాడు. నిజమేనా?

పటమట_పద్దులు

దాని మీద ఏకాభిప్రాయం లేదండి. కాయిన్ చేతులు మారదు, రూపాయల్లోనే తేలుతుంది కాబట్టి వ్యాపార ఆదాయం కింద చూపవచ్చని కొందరు ఆడిటర్లు అంటున్నారు, మరికొందరు ఆ ధైర్యం చేయడం లేదు. కొన్నప్పుడు కట్టిన రుసుమును కొన్న ధరలో కలుపుకోవచ్చా అన్నదీ ఇలాంటిదే. నేను కలపలేదు. కలిపినా ట్రేడుకు తొమ్మిది రూపాయల పన్ను తగ్గుతుంది, అంతే. ఫ్యూచర్స్ విషయంలో మాత్రం తేడా పెద్దది, రిటర్నులో సంతకం పెట్టే ఆడిటరునే అడగండి.

కృష్ణలంక_వాసి

18 గెలుపుల చార్టులూ తీశాను. 15 నిమిషాల క్యాండిళ్లలో 9 స్పష్టంగా 4 రూపాయలకు మించి దిగి లేచాయి. 4 అసలు దిగలేదు. మిగతా 5 ఇబ్బంది పెట్టాయి. నేను కొన్న క్యాండిల్‌లోనే ఆ కింది ధర ఉంది, అది నేను కొనకముందు వచ్చిందో తరువాత వచ్చిందో తెలియదు. వాటికి 1 నిమిషం చార్టు చూశాను. 3 కొన్న తరువాత దిగాయి. ఒకటి సరిగ్గా 4 రూపాయల దగ్గర తాకి ఆగింది. ఒకటి ముందే దిగింది.

అంటే 12. సందేహం ఉన్నది ఒకటి.

లబ్బీపేట_గణితం

34 ట్రేడుల్లో 12 గెలుపులు, 35.3 శాతం. కావాల్సింది 34.7. డబ్బుగా చూస్తే 12 గెలుపులకు 9,176, 22 ఓటములకు 8,959. పన్నులన్నీ పోగా మిగిలేది 217 రూపాయలు. 250కి కొన్నప్పటి 2,090 నష్టంతో పోలిస్తే ఇది మెరుగే.

పటమట_పద్దులు

మెరుగే కానీ, స్టాప్ దగ్గర 239కి బదులు 238.50 వచ్చిందనుకోండి. ఒక్కో ఓటమికి 25 రూపాయలు ఎక్కువ, 22 ఓటములకు 550. ఆ 217 పోయి మైనస్‌లో పడతారు. స్టాప్ అమ్మకాలు ఎంతకు తెగుతున్నాయో ఒక రూపాయి అని గుండుగుత్తగా చెప్పారు. 22 అమ్మకాల అసలు ధరలు పైసలతో సహా ఒక నిలువు వరుసలో రాసి సగటు తీయండి. 250 ట్రేడును మాత్రం ఇప్పుడున్న కొలతలతో వేయవద్దు.

కృష్ణలంక_వాసి

250 ఆర్డరు పెట్టడం లేదు. స్టాప్ ధరలు ఈ రాత్రి రాసి రేపు ఇక్కడ పెడతాను. స్టాప్‌ను లిమిట్‌గా మార్చి 239.50 కన్నా కింద అమ్మవద్దని పెడితే జారుడు తగ్గుతుంది కదా అని కూడా అనిపిస్తోంది.

పటమట_పద్దులు

తగ్గుతుంది, అమ్ముడైతే. ధర 240 నుంచి ఒక్కసారి 237కు దూకితే 239.50 దగ్గర ఆర్డరు అలాగే వేలాడుతుంది, కాయిన్లు మీ దగ్గరే ఉండిపోతాయి. మీ 22లో అలా దూకినవి ఎన్నో, మెల్లగా దిగినవి ఎన్నో అదే వరుస పక్కన రాయండి. రేపు వాటిని చూశాకే లిమిట్ సంగతి మాట్లాడదాం.